బోరు నీళ్ళకు ఆగి, నది నీళ్ళకు ఆగని మోటారు: ఒక ట్రాన్సిస్టర్ కేసు

కర్నూలులో నాకు చిన్న ఎలక్ట్రానిక్స్ మరమ్మతుల దుకాణం ఉంది. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు నా దగ్గర పని నేర్చుకుంటుంటారు. ట్రాన్సిస్టర్ స్విచ్‌గానూ పని చేస్తుంది, యాంప్లిఫయర్‌గానూ పని చేస్తుంది అని వాళ్ళందరూ చదువుకునే వస్తారు. కానీ ఆ రెండూ వేర్వేరు సర్క్యూట్లలో జరిగే వేర్వేరు పనులని అనుకుంటారు. స్విచ్‌గా ఉండమని పెట్టిన ట్రాన్సిస్టర్ ఎవరూ చెప్పకుండానే యాంప్లిఫయర్‌గా మారిపోగలదని ఈ కేసులో మా కళ్ళెదుట తేలింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. భవనం ఎక్కడిదో, అక్కడి మనుషులు ఎవరో తెలిసే వివరాలు తీసేశాను.

నేపథ్యం

అది ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. కింద సంపు, పైన ట్యాంకు. సంపులోకి వేసవిలో బోరు నీళ్ళు వస్తాయి, వానలు పడ్డాక కుళాయి ద్వారా తుంగభద్ర నీళ్ళు వస్తాయి. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోవడానికి ఎవరో చేతితో తయారు చేసిన చిన్న బోర్డు మెట్ల కింద పెట్టెలో ఉంది.

ఆ బోర్డులో ఉన్నది చాలా తక్కువ. 12 వోల్టుల సరఫరా, ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్, ఒక రిలే, రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడు, బేస్‌కు ముందు ఒక కిలో ఓమ్ రెసిస్టర్. పైన ట్యాంకులో రెండు లోహపు కడ్డీలు వేలాడుతుంటాయి. అడుగు దాకా ఉన్న కడ్డీకి 12 వోల్టులు అందుతాయి. నిండు మట్టం దగ్గర ఉన్న పొట్టి కడ్డీ నుంచి వైరు కిందికి వచ్చి ట్రాన్సిస్టర్ బేస్‌కు చేరుతుంది. నీళ్ళు పొట్టి కడ్డీని తాకితే నీటి గుండా కొద్ది కరెంటు బేస్‌లోకి ప్రవహిస్తుంది, ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది, రిలే లాగుతుంది, రిలే కాంటాక్టు తెరుచుకుని మోటారు కాంటాక్టర్ పడిపోతుంది. మూడేళ్ళుగా ఇది పని చేస్తూ వచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు.

వచ్చిన సమస్య

వానలు మొదలైన పది రోజులకు కబురు వచ్చింది. ట్యాంకు నిండినా మోటారు ఆగడం లేదు, నీళ్ళు మేడ మీది నుంచి కారిపోతున్నాయి. దానికితోడు ట్యాంకు నిండే సమయానికి పెట్టెలో నుంచి గుయ్‌మని శబ్దం వస్తోంది, కాంటాక్టర్ టకటక కొట్టుకుంటోంది. అప్పటికే ఒకసారి దాని కాంటాక్టులు మాడిపోయి మార్చారు. అంతకుముందు చూసిన మెకానిక్ ట్రాన్సిస్టర్‌ను రెండుసార్లు, రిలేను ఒకసారి మార్చాడు. మార్పు లేదు.

"సార్, వేసవిలో ఎంత బాగా పని చేసిందో చెప్పలేను. వానలు రాగానే చెడిపోయింది. తేమ దిగి ఉంటుంది" అన్నాడు వాచ్‌మన్.

తేమ అన్న మాట నా మనసులో నాటుకుంది. నేనూ మొదట ఆ దారిలోనే ఆలోచించాను. తేమకు ఈ కథలో పాత్ర ఉంది కానీ అప్పటికి అది తెర మీదికి రాలేదు.

కొలిచి చూసినవి

మొదట సరఫరా కొలిచాను. 12 వోల్టులు నిలకడగా ఉన్నాయి. తరువాత మోటారు పవర్ తీసేసి, కలెక్టర్, ఎమిటర్ కాళ్ళను ఒక చిన్న వైరు ముక్కతో కలిపాను. రిలే టక్కుమని లాగింది. అంటే సరఫరా, రిలే, దాని వైరింగు అన్నీ బాగున్నాయి. ట్రాన్సిస్టర్‌ను ఊడదీసి మల్టీమీటర్‌తో పరీక్షించాను. రెండు జంక్షన్లూ సరిగ్గా ఉన్నాయి. గెయిన్, అంటే బేస్ కరెంటును కలెక్టర్‌లో ఎన్ని రెట్లు చేయగలదో ఆ అంకె, 150 దగ్గర చూపించింది.

నాతో వచ్చిన కుర్రవాడు అడిగాడు: "అన్నా, ట్రాన్సిస్టర్ బాగుంది, రిలే బాగుంది, కరెంటు బాగుంది. మరి ఏది చెడిపోయినట్టు?"

ఇటువంటి చోటనే విడిభాగాలను ఒక్కొక్కటిగా మారుస్తూ పోయే పద్ధతి పనికిరాకుండా పోతుంది. భాగాలన్నీ బాగున్నప్పుడు, ఏ భాగం ఏ స్థితిలో ఉందో చూడాలి. ట్రాన్సిస్టర్‌ను మళ్ళీ బిగించి, ట్యాంకు నిండి ఉండగా, మోటారు ఆపి, కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య వోల్టేజి కొలిచాను. 4.6 వోల్టులు ఉంది.

ఆ ఒక్క అంకె చాలు. స్విచ్‌గా పెట్టిన ట్రాన్సిస్టర్ దగ్గర ఈ కొలతకు రెండే విలువలు ఉండాలి. ఆఫ్ అయితే సరఫరా మొత్తం, అంటే 12 వోల్టులు, ట్రాన్సిస్టర్ మీదే కనిపించాలి. పూర్తిగా ఆన్ అయితే 0.1 నుంచి 0.2 వోల్టుల దాకానే ఉండాలి, మిగిలినదంతా రిలే కాయిల్ మీద పడాలి. 4.6 అంటే అది ఆ రెండింటికీ మధ్యలో వేలాడుతోంది. కాయిల్‌కు దక్కుతున్నది 7.4 వోల్టులు మాత్రమే. ఆ రిలే లాగడానికి 8.5 వోల్టుల దాకా కావాలని తరువాత బల్ల మీద పెట్టి కొలిచినప్పుడు తేలింది.

మధ్యలో ఎందుకు ఆగింది

రిలే కాయిల్ నిరోధం 400 ఓమ్‌లు. పూర్తిగా ఆన్ అయితే 30 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. అంతకు మించి ప్రవహించదు, ఎందుకంటే కాయిలే అడ్డుపడుతుంది. ట్రాన్సిస్టర్ చేసేది బేస్‌లోకి వచ్చిన కరెంటుకు దాదాపు 150 రెట్ల కరెంటును కలెక్టర్ గుండా అనుమతించడం. ఆ అనుమతి 30 కన్నా బాగా ఎక్కువగా ఉంటే ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది. దీన్నే సంతృప్త స్థితి అంటాం. అనుమతి 30కి తక్కువైతే, అనుమతించినంతే ప్రవహిస్తుంది, మిగిలిన వోల్టేజి ట్రాన్సిస్టర్ మీద నిలుస్తుంది.

ఇప్పుడు బేస్‌లోకి ఎంత వస్తోంది? కడ్డీల వైర్లను బోర్డు నుంచి విడదీసి, వాటి మధ్య 12 వోల్టులు ఇచ్చి, ప్రవహించే కరెంటును బట్టి నీటి నిరోధం లెక్కగట్టాను. మీటర్‌లోని ఓమ్ పరీక్షను నీటి మీద నేను నమ్మను. కడ్డీల ఉపరితలం మీద జరిగే రసాయన చర్య వల్ల అంకె జారిపోతూ ఉంటుంది. తుంగభద్ర నీటిలో 90 కిలో ఓమ్‌లు వచ్చింది. వాచ్‌మన్ చేత బోరు నీళ్ళు ఒక బకెట్ తెప్పించి, అవే కడ్డీలను అంతే దూరంలో, అంతే లోతు ముంచి కొలిచాను. 12 కిలో ఓమ్‌లే వచ్చింది.

లవణాలు ఎక్కువగా ఉన్న నీరు కరెంటును సులువుగా పోనిస్తుంది. ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తెలుస్తాయి. నది నీరు, అందులోనూ వరద కాలపు నీరు, అంతగా పోనివ్వదు. బోర్డు తయారు చేసిన మనిషి బోరు నీళ్ళతో సరిచూసుకుని ఉంటాడు. నేను అడిగితే వాచ్‌మన్ గుర్తు చేసుకుని చెప్పాడు: అంతకుముందు వానాకాలాల్లో కూడా సంపులో బోరు నీళ్ళే కలిసి ఉండేవట, ఈసారే పూర్తిగా నది నీళ్ళు వాడుతున్నారట.

లెక్క చూడండి. బోరు నీటితో బేస్ కరెంటు సుమారు 0.87 మిల్లీ ఆంపియర్లు. 150తో గుణిస్తే 130. కావలసినది 30. అంటే నాలుగింతలకు పైగా మిగులు ఉంది, ట్రాన్సిస్టర్ గట్టిగా ఆన్‌లో ఉంటుంది. నది నీటితో బేస్ కరెంటు 0.124 మిల్లీ ఆంపియర్లు. 150తో గుణిస్తే 18.6. దాన్ని 400 ఓమ్‌లతో గుణిస్తే 7.4 వోల్టులు. మీటర్ చూపించిన అంకె అదే. లెక్కా కొలతా ఇలా కలిసినప్పుడు ఇక అనుమానానికి తావు ఉండదు.

గుయ్‌మనే శబ్దం

రిలే లాగకపోవడానికి కారణం తెలిసింది. కానీ మోటారు ఆపి ఉన్నప్పుడు రిలే నిశ్శబ్దంగా ఉంది. మోటారు తిరుగుతున్నప్పుడే గుయ్‌మంటోంది. దీనికి విడిగా కారణం వెతకాలి.

కడ్డీల వైరు మేడ మీది నుంచి కింది దాకా, మోటారు వైరుతో పాటే ఒకే పైపులో దిగుతోంది. మోటారు వైరులోని 50 హెర్ట్జ్ కరెంటు పక్కనే ఉన్న సన్నని వైరులోకి కొద్దిగా సోకుతుంది. కొలిస్తే బేస్ కరెంటులో ఇటు అటు 30 మైక్రో ఆంపియర్ల ఊగిసలాట ఉంది. చాలా చిన్నది. కానీ ట్రాన్సిస్టర్ మధ్య స్థితిలో ఉన్నప్పుడు బేస్‌లో జరిగే ప్రతి చిన్న మార్పూ 150 రెట్లయి కలెక్టర్‌లో బయటపడుతుంది. 30 మైక్రో ఆంపియర్లు నాలుగున్నర మిల్లీ ఆంపియర్లయింది. కాయిల్ మీద అది ఇటు అటు 1.8 వోల్టుల ఊపు. 7.4 దగ్గర ఉన్న కాయిల్ వోల్టేజి అల పైకి వెళ్ళినప్పుడు 9 దాటింది, కిందికి వచ్చినప్పుడు 6 కన్నా తగ్గింది. రిలే లాగబోయి, లాగలేక, సెకనుకు యాభైసార్లు వణికింది. దాని కాంటాక్టు వణికితే మోటారు కాంటాక్టర్ కూడా కొట్టుకుంటుంది. కాంటాక్టులు మాడింది అందుకే.

పాటలు వినిపించే యాంప్లిఫయర్‌లో మనం కోరి చేసేది సరిగ్గా ఇదే. బేస్‌కు కొద్ది స్థిరమైన కరెంటు ఇచ్చి, కలెక్టర్‌ను సరఫరాలో సగం దగ్గర నిలబెడతాం. అప్పుడు మైక్ నుంచి వచ్చే చిన్న అల పైకీ కిందికీ పెరగడానికి చోటు ఉంటుంది. ఇక్కడ నది నీరు ఆ స్థిరమైన కరెంటును ఇచ్చింది, మోటారు వైరు మైక్ స్థానంలో ఉంది, రిలే స్పీకర్ స్థానంలో ఉంది. బోరు నీటి రోజుల్లోనూ ఆ సోకుడు ఉండే ఉంటుంది. కానీ అప్పుడు బేస్‌లో 870 మైక్రో ఆంపియర్లు ఉండగా 30 తగ్గినా, పెరిగినా పూర్తిగా తెరుచుకున్న ట్రాన్సిస్టర్‌లో ఏ మార్పూ కనిపించదు.

నేను చేసిన తప్పు

ఆ రోజు శనివారం సాయంత్రం, వాన పడుతోంది. ఇరవై ఇళ్ళకు నీళ్ళు కావాలి. గెయిన్ తక్కువైంది కాబట్టి గెయిన్ ఎక్కువున్న ట్రాన్సిస్టర్ వేస్తే సరిపోతుందని అనుకున్నాను. బీసీ 547లో ఏ, బీ, సీ అని మూడు తరగతులు దొరుకుతాయి. ఆ బోర్డులో ఉన్నది ఏ తరగతిది. నా పెట్టెలో సీ తరగతిది ఉంది, గెయిన్ 500 దగ్గర చూపించింది. 0.124ను 500తో గుణిస్తే 62. కావలసినదానికి రెట్టింపు. బిగించాను. కలెక్టర్ మీద 0.15 వోల్టులు చూపించింది. మోటారు చక్కగా ఆగింది. మేము వచ్చేశాం.

సోమవారం తెల్లవారుజామున వాచ్‌మన్ ఫోను చేశాడు. "సార్, ట్యాంకు ఖాళీ. మోటారు ఆన్ కావడం లేదు. రాత్రంతా వాన."

ఈసారి తప్పు ఆఫ్ కావలసిన వైపు జరిగింది. ట్యాంకులో నీరు పొట్టి కడ్డీ కన్నా ఎంతో కిందికి దిగినా రిలే వదలలేదు. మేడ మీద వైర్లు కలిపే చిన్న పెట్టె తెరిచి చూస్తే లోపల తడి. నీటికి సంబంధం లేకుండానే ఆ తడి గుండా రెండు వైర్ల మధ్య 400 కిలో ఓమ్‌ల దారి ఏర్పడింది. దాని ద్వారా బేస్‌లోకి వస్తున్నది 28 మైక్రో ఆంపియర్లే. పాత ట్రాన్సిస్టర్ అయితే దాన్ని 4.2 మిల్లీ ఆంపియర్లు చేసేది, కాయిల్ మీద 1.7 వోల్టులు పడేవి, రిలే వదిలేసేది. కొత్తది 14 మిల్లీ ఆంపియర్లు చేసింది, కాయిల్ మీద 5.6 వోల్టులు నిలిచాయి.

5.6 వోల్టులు ఆ రిలేను కొత్తగా లాగలేవు. కానీ ఒకసారి లాగిన రిలేను పట్టి ఉంచడానికి చాలా తక్కువ చాలు. ఇనుప పలక కాయిల్‌కు అతుక్కున్నాక మధ్యలో గాలి సందు ఉండదు, అయస్కాంత బలం పెరుగుతుంది. ఈ రిలే 3 వోల్టుల దగ్గరకు దిగితే గాని వదలదు. స్విచ్‌కు ఆన్ ఎంత ముఖ్యమో ఆఫ్ అంత ముఖ్యమని తెలిసి కూడా, నేను ఆన్ లెక్క మాత్రమే వేసి వచ్చేశాను. శనివారం వైరు విడదీసి ఆఫ్ స్థితిని కొలిచి ఉన్నా ఈ తడి దొరికి ఉండేది కాదేమో, కానీ 500 గెయిన్‌తో ఎంత లీకేజీని భరించగలమో కాగితం మీద తెలిసి ఉండేది.

సరైన సర్క్యూట్ వైపు

కుర్రవాడు డార్లింగ్‌టన్ జోడీ వేద్దామన్నాడు. అంటే ఒక ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను రెండో దాని బేస్‌కు కలపడం. గెయిన్‌లు రెండూ గుణించుకుని వేలల్లోకి వెళతాయి. నీటి మట్టం సర్క్యూట్లలో చాలామంది అదే వేస్తారు. కానీ మన కష్టం ఇప్పుడు గెయిన్ చాలకపోవడం కాదు. నీటికీ తడికీ మధ్య తేడా పట్టలేకపోవడం. అంత గెయిన్ ఉంటే 28 మైక్రో ఆంపియర్ల తడి కూడా రిలేను పూర్తిగా లాగేస్తుంది. కడ్డీలను దగ్గరగా జరిపితే నీటి నిరోధం తగ్గుతుంది, అది కూడా ఆలోచించాను. కానీ నీరు మారితే అంకె మళ్ళీ మారుతుంది, మేడ మీది తడి అలాగే ఉంటుంది.

అందుకని పనిని రెండుగా విడదీశాను. మొదటి ట్రాన్సిస్టర్, పాత ఏ తరగతి బీసీ 547, నీరు ఉందా లేదా అని తేల్చాలి. రెండోది బీసీ 557, అంటే దానికి ఎదురు రకం, పీఎన్‌పీ. అది రిలేను నడపాలి. మొదటిది ఆన్ అయితే 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా రెండో దాని బేస్ నుంచి 2.4 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 30 నడపడానికి 2.4 అంటే పన్నెండింట ఒక వంతు. గెయిన్ 150 ఉన్నప్పుడు ఇంత ఎందుకు అని అడగవచ్చు. గెయిన్ వేడిని బట్టి, కరెంటును బట్టి, ముక్కను బట్టి మారుతుంది. అందుకే స్విచ్‌గా వాడేటప్పుడు డేటా షీట్‌లోని గెయిన్‌ను నమ్ముకోకుండా, పది నుంచి ఇరవై మధ్య ఉన్నట్టే లెక్క వేస్తాను. ఈ కరెంటు నీటి మీద ఆధారపడదు, రెసిస్టర్ నిర్ణయిస్తుంది.

తడిని వేరు చేసింది మొదటి ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కు పెట్టిన 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. బేస్ దగ్గర 0.6 వోల్టులు రానిదే ట్రాన్సిస్టర్ కదలదు. ఈ రెసిస్టర్ ఉన్నప్పుడు ఆ 0.6 రావాలంటే 60 మైక్రో ఆంపియర్లు దాని గుండా గ్రౌండ్‌కు పోవాలి, ఆ తరువాతనే బేస్‌కు వాటా. తడి ఇచ్చే 28 మైక్రో ఆంపియర్లు మొత్తం రెసిస్టర్‌లోకే పోతాయి, బేస్ దగ్గర 0.3 వోల్టులు కూడా రావు. నది నీరు ఇచ్చే 124లో 70 దాకా రెసిస్టర్‌కు పోయినా బేస్‌కు 50కి పైగా మిగులుతాయి. దానికి కావలసినది 16 మాత్రమే.

ఇంకొక పని మిగిలింది. నీరు మెల్లగా కడ్డీని తాకేటప్పుడు, అలలు తగిలేటప్పుడు, ట్రాన్సిస్టర్ ఎంత బాగా లెక్క వేసినా కాసేపు మధ్య స్థితి గుండా వెళ్ళక తప్పదు. అక్కడ ఆగకుండా చూడాలి. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను మొదటి దాని బేస్‌కు వేశాను. రిలే వైపు వోల్టేజి పెరగడం మొదలుకాగానే బేస్‌కు అదనంగా కరెంటు వస్తుంది, దానివల్ల వోల్టేజి ఇంకా పెరుగుతుంది, క్షణంలో పూర్తిగా ఆన్ అవుతుంది. వదిలేటప్పుడూ అంతే వేగం. బల్ల మీద నీటికి బదులు ఒక మెగా ఓమ్ పొటెన్షియోమీటర్ పెట్టి తిప్పి చూశాం. నిరోధాన్ని తగ్గిస్తూ వస్తే 170 కిలో ఓమ్‌ల ప్రాంతంలో లాగింది, పెంచుతూ పోతే 230 దగ్గర వదిలింది. పాత బోర్డుకు అదే పొటెన్షియోమీటర్ పెట్టినప్పుడు కాయిల్ వోల్టేజి కుళాయి తిప్పినట్టు మెల్లగా పెరిగింది. ఆ రెండింటినీ పక్కపక్కన చూసినప్పుడే కుర్రవాడికి విషయం అర్థమైంది.

చివరగా బేస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్ వేశాను, మోటారు సోకుడు అక్కడే అణిగిపోవడానికి. రిలే ఒక క్షణం ఆలస్యంగా లాగితే ట్యాంకుకు వచ్చే నష్టం లేదు. కాయిల్ మీది డయోడును రిలే కొత్త చోటికి తగినట్టు దిశ చూసి వేశాను. అది తప్పు దిశలో పడితే రెండో ట్రాన్సిస్టర్ ఆన్ అయిన మరుక్షణం సరఫరా మొత్తం డయోడు గుండా పోతుంది.

బిగించాక కొలిచినవి: నిండినప్పుడు రెండో ట్రాన్సిస్టర్ మీద 0.15 వోల్టులు, నిండనప్పుడు 12. మేడ మీది పెట్టె తెరిచి చేత్తో నీళ్ళు చల్లి, రిలే వదిలి ఉందో లేదో కూడా చూశాను. వదిలే ఉంది. తరువాత ఆ పెట్టెను ఆరబెట్టి మూత కొత్తది వేయించాను, కానీ సర్క్యూట్ ఆ మూత మీద ఆధారపడకూడదు.

మిగిలిపోయినది

కడ్డీల గుండా ఎప్పుడూ ఒకే దిశలో కరెంటు పోతుంది. అందువల్ల ప్లస్ వైపు కడ్డీ నెమ్మదిగా తినుకుపోతుంది, మైనస్ వైపు కడ్డీకి తెల్లని పొర పడుతుంది. బోరు నీటి కాలంలో ఆ పొర త్వరగా పేరుకుంటుంది. పొర మందమైతే నిరోధం పెరిగి 170 దాటవచ్చు, అప్పుడు మళ్ళీ నిండినా ఆగదు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వేశాను. దిశ మారే కరెంటుతో నడిపితే ఈ బాధ చాలావరకు పోతుంది, కానీ దానికి వేరే సర్క్యూట్ కావాలి, ఆ భవనం వాళ్ళు అంత ఖర్చుకు ఒప్పుకోలేదు. అందుకని రెండు నెలలకోసారి కడ్డీలను వెనిగర్‌లో ముంచి రుద్దమని వాచ్‌మన్‌కు చూపించాను.

తరువాతి వేసవిలో, మళ్ళీ బోరు నీళ్ళు మొదలయ్యాక వెళ్ళి కొలిచాను. నీటి నిరోధం 14 కిలో ఓమ్‌లు ఉంది, రెండో ట్రాన్సిస్టర్ మీద అదే 0.15 వోల్టులు.